అవిసె, చియా, నువ్వులు, గుమ్మడి గింజలు: ఏది ఎందుకు, రోజుకి ఎంత

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాద్ లో డెస్క్ జాబ్. రెండు నెలల నుంచి రోజూ పొద్దున్నే అవిసె గింజలు, చియా, తెల్ల నువ్వులు, గుమ్మడి గింజలు ఒక్కోటి రెండేసి పెద్ద స్పూన్లు రాత్రి ఒక గ్లాసు నీళ్ళలో నానబెట్టి పరగడుపునే తాగుతున్నా. జుట్టుకి, కాల్షియంకి, హిమోగ్లోబిన్ కి మంచిదని విన్నా. కానీ కడుపు ఉబ్బరంగా ఉంటోంది, మలబద్ధకం మొదలైంది, బరువు కిలోన్నర పెరిగింది. హిమోగ్లోబిన్ ఇంకా 10.2 లోనే ఉంది. మా అమ్మ కూడా నాతో పాటే తాగుతోంది, ఆవిడ పొద్దున థైరాయిడ్ టాబ్లెట్ వేసుకుంటుంది. ఇవి మానేయాలా, తింటే రోజుకి ఎంత తినాలి?

సమాధానం:

ముందు అమ్మగారి సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఆగేది కాదు. రేపటి నుంచి థైరాయిడ్ టాబ్లెట్ కి ఈ గింజల నీళ్ళు దగ్గరగా పడకూడదు. ఆ టాబ్లెట్ ఖాళీ కడుపున, మంచినీళ్ళతో మాత్రమే వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఇంకేం తీసుకోకూడదు. పీచు, కాల్షియం ఆ మందుని పేగుల్లో పట్టి ఉంచేస్తాయి, రక్తంలోకి వెళ్ళాల్సినంత వెళ్ళదు. చియా, అవిసె నానినప్పుడు వచ్చే ఆ జిగురంతా పీచే. నా దగ్గరికి ఇలాంటి వాళ్ళు చాలామందే వచ్చారు, డోసు మార్చలేదు, టాబ్లెట్ ఒక్క రోజు కూడా మానలేదు, అయినా టీఎస్‌హెచ్ పెరిగిపోయింది అంటారు, తీరా అడిగితే టాబ్లెట్ వేసుకున్న పది నిమిషాలకే చియా నీళ్ళు తాగుతున్నారు. అమ్మగారికి గింజలు మధ్యాహ్నం భోజనంలోకి మార్చండి. రెండు నెలలుగా కలిపి తాగుతున్నారు కాబట్టి ఒకసారి టీఎస్‌హెచ్ చేయించి డాక్టరుకి చూపించండి, డోసు మీరే మార్చొద్దు.

ఇప్పుడు మీ గ్లాసు లెక్క చూద్దాం. కొలత స్పూనుతో సమంగా తీస్తే రెండు పెద్ద స్పూన్ల అవిసె గింజలు 20 గ్రాములు, చియా 24, నువ్వులు 18, గుమ్మడి గింజలు ఇంకో 18-20. అంతా కలిపి 80 గ్రాములు దాటింది. గింజ అంటేనే నూనె, నాలుగింటిలోనూ 100 గ్రాములకి 500 కేలరీలకి కాస్త అటూ ఇటూగా ఉంటాయి, అంటే మీ గ్లాసులో 430 కేలరీల దాకా ఉన్నాయి. అది దాదాపు రెండు కప్పుల అన్నంతో సమానం, పైగా మీరు దాన్ని టిఫిన్ బదులు తాగట్లేదు, టిఫిన్ కి ముందు తాగుతున్నారు. కిలోన్నర పెరగడంలో వింతేమీ లేదు. ఇంకా ఎక్కువ పెరగకపోవడానికి ఒక కారణం బహుశా మీరు నమలకుండా మింగిన గింజల్లో కొన్ని అరగకుండానే బయటికి వెళ్ళిపోతుండటం, దాని గురించి కింద చెప్తా.

ఉబ్బరం, మలబద్ధకం కూడా ఈ లెక్కలోనే దొరుకుతాయి. ఆ గ్లాసులో పీచు ఒక్కటే 17 గ్రాముల దాకా ఉంది, అందులో సగం చియా నుంచే. అంత పీచు ఒక్కసారిగా వెళ్తే పేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి, అదీ ఉబ్బరం. ఇక మలబద్ధకం ఎందుకంటే చియా తన బరువుకి పదింతల నీళ్ళు పీల్చుకుంటుంది. మీరు వేసే 24 గ్రాముల చియాకే 240 మిల్లీలీటర్లు కావాలి, అంటే మీరు పోసిన గ్లాసు నీళ్ళు మొత్తం చియానే తాగేసింది, అవిసెకి మిగల్లేదు, మీ పేగుకీ మిగల్లేదు. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్ళు నీళ్ళు తక్కువే తాగుతారు కదా, దాంతో లోపల ఆ జిగురు గట్టిపడి కదలదు. పీచు తింటే విరేచనం సాఫీగా అవుతుంది అన్నది నిజమే కానీ అది నీళ్ళతో ముడిపడిన మాట.

కాబట్టి మానేయాల్సిన పని లేదు గానీ ఈ నాలుగూ కలిపి ఒకే గ్లాసులో పోసే పద్ధతి మాత్రం మానండి. నాలుగింటికీ పని వేరు, తినే తీరు కూడా వేరు. ఒకటి పొడి చేస్తేనే పనికొస్తుంది, ఒకటి నానితేనే తినాలి, ఒకటి పొట్టుతో తింటేనే అందులో విషయం ఉంటుంది, ఇంకోటి నమిలితే చాలు.

అవిసె గింజల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. (మన ఇళ్ళ దగ్గర తెల్లగానో ఎర్రగానో పెద్ద పూలు పూసే అవిసె చెట్టు వేరు, దాని ఆకు కూర చేసుకుంటాం, ఈ గింజల మొక్క వేరు, పేరు ఒకటే కావడంతో కొందరు ఆ గింజలు ఏరుకొచ్చి అడుగుతారు కాబట్టి చెప్తున్నా.) ఇందులో ఉన్న అసలు విలువ ఏఎల్ఏ అనే ఒమేగా 3 కొవ్వు. ఒక పెద్ద స్పూను పొడి, అంటే 7 గ్రాములు తింటే దాదాపు 1.6 గ్రాముల ఏఎల్ఏ వస్తుంది, మగవాళ్ళకి రోజుకి కావాల్సింది సరిగ్గా ఆ మాత్రమే, ఆడవాళ్ళకి 1.1 సరిపోతుంది. కానీ ఈ గింజ పైన పెంకు నున్నగా, గట్టిగా ఉంటుంది. నానబెట్టినా పైన జిగురు వస్తుందే తప్ప లోపలి పెంకు పగలదు, మన పళ్ళకి కూడా జారిపోతుంది, అలా మింగిన గింజ ఎలా వెళ్ళిందో అలానే మలంలో కనిపిస్తుంది. మీకు అలా గింజలు కనిపిస్తుంటే ఆ అవిసెలోని కొవ్వు మీకు అందనట్టే, పీచు మాత్రం కొంత పనిచేసి ఉంటుంది. అందుకే పొడి చేయాలి.

పొడి చేసే పద్ధతి ఏంటంటే, మందపాటి మూకుడులో చిన్న మంట మీద చిటపటలాడేదాకా వేయించండి, రెండు మూడు నిమిషాలు చాలు, ముదురు గోధుమ రంగు వచ్చి చేదు తగిలితే మాడిందని అర్థం, అది పారేయండి. పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఒకేసారి గిర్రున తిప్పితే వేడికి నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది. చిన్నగా వేయిస్తే ఒమేగా పోతుందేమోనని భయపడక్కర్లేదు, పెద్దగా పోదు. పైగా పచ్చి అవిసెలో కొద్దిపాటి సైనైడ్ ని వదిలే పదార్థాలు ఉంటాయి, ఒక స్పూను మోతాదులో అది పెద్దవాళ్ళకి సమస్య కాదు, వేయిస్తే ఇంకా తగ్గుతుంది, కానీ పచ్చి పొడి రోజుకి నాలుగైదు స్పూన్లు తినేవాళ్ళని మాత్రం నేను ఆపుతాను.

పొడి చేసినదాన్ని వంటింటి అరమరలో నెలంతా పెట్టొద్దు. అవిసె నూనెని పాతకాలం నుంచి పెయింట్లలో వాడతారు, ఎందుకంటే గాలి తగిలితే అది మారిపోయి గట్టిపడుతుంది, ఆ గుణమే మీ డబ్బాలో పొడిని కూడా పాడుచేస్తుంది. గింజగా ఉన్నప్పుడు పెంకు కాపాడుతుంది, నెలల తరబడి నిల్వ ఉంటుంది, పొడి అయ్యాక ఆ కాపలా ఉండదు. వారం పది రోజులకి సరిపడా మాత్రమే కొట్టుకుని గాజు సీసాలో ఫ్రిజ్ లో పెట్టండి. తీసినప్పుడు పెయింట్ వాసన గానీ చేప వాసన గానీ వచ్చినా, గొంతు పట్టేసే చేదు ఉన్నా అది మురిగిపోయినట్టు. కొనేటప్పుడు కూడా పొడి ప్యాకెట్ కంటే గింజలు కొనడమే మేలు.

తినడానికి మనకి దీని కారప్పొడి ఉండనే ఉంది. వంద గ్రాముల గింజలకి ఎనిమిది ఎండుమిరపకాయలు, ఒక స్పూను జీలకర్ర, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, కాస్త చింతపండు, ఉప్పు, అంతే, మధ్యాహ్నం మొదటి ముద్దలో ఒక స్పూను కలుపుకుంటే ఆ రోజుకి ఒమేగా పని అయిపోయింది. మజ్జిగలో కలుపుకున్నా పర్లేదు. ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఇది చేపకి పూర్తి బదులు కాదు. చేపలో ఉండే ఈపీఏ, డీహెచ్ఏ అనే ఒమేగా 3 రకాలు వేరు, మన శరీరం ఏఎల్ఏ నుంచి వాటిని తయారుచేసుకునేది చాలా కొద్దిగానే, డీహెచ్ఏ అయితే మరీ తక్కువ. చేపలు తినేవాళ్ళు అవిసె వచ్చిందని చేప మానకండి. శాకాహారులకి మాత్రం ఇది రోజూ ఉండాల్సిన గింజే.

చియా కూడా చేసేది దాదాపు ఇదే పని. ఒక పెద్ద స్పూను 12 గ్రాములు, అందులో 2 గ్రాముల ఏఎల్ఏ, 4 గ్రాముల పీచు. పెంకు పలచన కాబట్టి పొడి చేయక్కర్లేదు, అదొక్కటే దీని సుఖం. అవిసె తింటున్న రోజు చియా అవసరమే లేదు, రెండిట్లో ఏదో ఒకటి చాలు, నన్నడిగితే ఇంట్లో పొడి కొట్టుకునే ఓపిక ఉంటే అవిసెనే తినమంటా, పైగా ధర కూడా తక్కువ. చియా తినే రోజు ఒక్క స్పూనే, దానికి కనీసం ఒక పెద్ద గ్లాసు నీళ్ళో మజ్జిగో పాలో, వేసిన వెంటనే ఒకసారి కలిపి, పది నిమిషాలాగి గడ్డలు లేకుండా మళ్ళీ కలిపి, అరగంట అయినా నాననిచ్చి తినాలి. యూరప్ లో దీన్ని కొత్త ఆహారంగా అమ్మడానికి ఒప్పుకున్నప్పుడు కూడా ప్యాకెట్ చియా రోజుకి 15 గ్రాములు దాటొద్దనే పెట్టారు. నానబెట్టని చియాని నోట్లో వేసుకుని నీళ్ళు తాగడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అమెరికాలో ఒకాయన అలా ఒక స్పూను మింగి నీళ్ళు తాగితే అది అన్నవాహికలోనే ఉబ్బి అడ్డుపడి, ఆస్పత్రిలో ఎండోస్కోపీతో తీయాల్సి వచ్చిందని 2014 లో డాక్టర్లు నివేదించారు. మింగడం కష్టంగా ఉండే పెద్దవాళ్ళకి నానినది కూడా జాగ్రత్తగా ఇవ్వండి.

ఇంకో విషయం, సబ్జా వేరు చియా వేరు. సబ్జా నల్లగా ఒకే రంగులో ఉండి నీళ్ళలో వేసిన నిమిషాల్లోనే తెల్లటి గుండ్రటి బుడగలా ఉబ్బుతుంది, చియా బూడిద, నలుపు, తెలుపు మచ్చలతో ఉండి మెల్లగా జిగురవుతుంది. షాపులో విడిగా కొనేటప్పుడు ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తుంటారు, ఇంటికొచ్చాక చిటికెడు నీళ్ళలో వేసి చూడండి తెలిసిపోతుంది.

నువ్వుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీరు కాల్షియం కోసం అన్నారు కాబట్టి. నువ్వుల్లో 100 గ్రాములకి సుమారు 1000 మిల్లీగ్రాముల కాల్షియం ఉందనేది నిజం, పాలకంటే ఎన్నో రెట్లు అని రాసేది కూడా దీన్ని పట్టుకునే. కానీ ఆ కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులో ఉంటుంది. మీరు వాడే తెల్ల నువ్వులు మెరిసిపోతూ అన్నీ ఒకే తెలుపులో నున్నగా ఉన్నాయంటే అవి పొట్టు తీసినవి, వాటిలో కాల్షియం పదో వంతు దగ్గరికి పడిపోతుంది. పొట్టున్న తెల్ల నువ్వులు అంత తెల్లగా ఉండవు, మట్టి రంగు కలిసిన మీగడ రంగులో ఉంటాయి, గింజకీ గింజకీ రంగు తేడా ఉంటుంది, మధ్యలో గోధుమ రంగువి కనిపిస్తాయి. నల్ల నువ్వులు అయితే ఆ నలుపే పొట్టు కాబట్టి అనుమానం లేదు. రెండిట్లో ఏదైనా పర్లేదు, పొట్టు ఉండటం ముఖ్యం.

పొట్టుతో తిన్నా కూడా లెక్క వేసుకోవాలి. మనం ఎవరం వంద గ్రాములు తినం, ఒక పెద్ద స్పూను 9 గ్రాములు, అందులో కాల్షియం 90 మిల్లీగ్రాములకి దగ్గర. ఆ పొట్టులోనే ఆక్సలేట్ కూడా ఉంటుంది, గింజలో ఫైటేట్ ఉంటుంది, అవి కాల్షియాన్ని పట్టుకోవడం వల్ల ఒంటికి పట్టేది ఐదో వంతు, అంటే 18 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలలో 240 దాకా ఉంటే అందులో మూడో వంతు దాకా పడుతుంది, అంటే 75 పైమాటే. కాబట్టి పాలు, పెరుగు తినేవాళ్ళకి నువ్వులు పైన చేరే అదనం మాత్రమే, పాలు మానేసి స్పూను నువ్వులతో ఎముకలు గట్టిపడతాయి అనుకుంటే మోసపోతాం. పాలు పడనివాళ్ళు నువ్వులతో పాటు రాగి, ఆకుకూరలు, ముల్లుతో తినే చిన్న చేపలు ఇలా నాలుగైదు చోట్ల నుంచి కూడబెట్టుకోవాలి, రోజుకి కావాల్సింది 1000 మిల్లీగ్రాములు.

నువ్వులు నానబెట్టి తాగడం కంటే వేయించి పొడి చేసి కూరలో వేయడం మన పాత పద్ధతి, అదే సరైంది. బీరకాయ, వంకాయ, చిక్కుడుకాయ కూర దించేముందు మనిషికి ఒక స్పూను చొప్పున వేస్తే రుచి, చిక్కదనం రెండూ వస్తాయి. బెల్లంతో కొట్టిన చిమ్మిలి మంచిదే, కాకపోతే ఒక పెద్ద ఉండలో బెల్లం కూడా బోలెడు ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు అది నువ్వుల ఖాతాలో వేసుకోవద్దు. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళు వచ్చినవాళ్ళు రోజూ తినేముందు డాక్టర్ని అడగండి. నువ్వులు తిన్నాక దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి పట్టేయడం లాంటివి ఎప్పుడైనా వచ్చుంటే అసలు ముట్టుకోవద్దు, నువ్వుల ఎలర్జీ తీవ్రంగానే ఉంటుంది.

గుమ్మడి గింజల గురించి చెప్పడానికి తక్కువే ఉంది, ఎందుకంటే ఇందులో తప్పు చేయడానికి పెద్దగా ఏం లేదు. ఇందులో ఒమేగా 3 దాదాపు లేదు, కాల్షియం కూడా పెద్దగా లేదు. ఉన్నవి ప్రొటీన్, మెగ్నీషియం, జింక్. ఒక పెద్ద స్పూను, అంటే 10 గ్రాముల పప్పులో 3 గ్రాముల ప్రొటీన్, 55 మిల్లీగ్రాముల పైన మెగ్నీషియం, ముప్పావు మిల్లీగ్రాము జింక్ ఉంటాయి. నానబెట్టక్కర్లేదు, ఉప్పు లేకుండా దోరగా వేయించి సాయంత్రం టీ టైంలో బిస్కెట్ల బదులు నమలండి. షాపులో ఆకుపచ్చగా దొరికేవి పెంకు తీసినవో, గట్టి పెంకు లేని రకం గుమ్మడివో అయి ఉంటాయి, మన ఇంటి గుమ్మడికాయ గింజలు కూడా కడిగి, ఎండబెట్టి, వేయించి పైన తెల్ల పెంకు ఒలుచుకుంటే లోపల పప్పు ఆకుపచ్చగా ఉంటుంది, కొనే పనే లేదు. ఉప్పూ మసాలా పట్టించిన ప్యాకెట్లు బీపీ ఉన్నవాళ్ళకి వద్దు. చిన్నపిల్లలకి గింజగా ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటుంది, పొడి చేసి పెట్టండి.

ఇక మీ రోజు ఎలా ఉండాలో చెప్తా. ఇప్పుడు తాగేది మూడు నాలుగు రోజులు పూర్తిగా ఆపండి, నీళ్ళు బాగా తాగండి, కడుపు సర్దుకుంటుంది. తర్వాత అవిసె పొడి ఒక చిన్న స్పూనుతో మొదలుపెట్టి వారం చూసి ఉబ్బరం లేకపోతే పెద్ద స్పూనుకి పెంచండి, ఆ తర్వాతి వారం కూరలో నువ్వుల పొడి ఒక స్పూను, ఆ పై వారం సాయంత్రం గుమ్మడి గింజలు ఒక స్పూను. అంతా చేరాక మొత్తం 26 గ్రాములు, 150 కేలరీలకి మించదు, మీరు ఇప్పుడు తాగేదాంట్లో మూడో వంతు. అది కూడా రోజూ తినే చిరుతిండిలోంచి ఏదో ఒకటి తీసేసి ఆ స్థానంలో పెట్టుకోవాలి, పైన చేర్చకూడదు. స్పూను అంటే సమంగా గీసిన స్పూను, కుప్పగా తీస్తే దాదాపు రెట్టింపు పడుతుంది, వీలైతే ఒక్కసారి వంటింటి త్రాసు మీద పెట్టి మీ స్పూనులో ఎంత పడుతుందో చూసుకోండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గర్భిణులు అవిసె రోజూ మొదలుపెట్టేముందు తమ డాక్టరుకి చెప్పాలి.

జుట్టు గురించి నేను ఈ గింజల పేరు మీద మాట ఇవ్వను. ప్రొటీన్, ఐరన్, జింక్ లోపం ఉండి జుట్టు రాలుతుంటే ఆ లోపం తీరితే ఆగుతుంది, మీ విషయంలో అనుమానించాల్సింది ఐరన్ నే. నెలలో సగం రోజులు అవిసె, గుమ్మడి, మిగతా సగం నువ్వులు, పొద్దుతిరుగుడు తింటే హార్మోన్లు సర్దుకుంటాయని చెప్పే పద్ధతికి కూడా నమ్మదగ్గ ఆధారం లేదు, అలా తింటే నష్టం లేదు కానీ దాన్ని నమ్ముకుని పీసీఓఎస్ మందులు ఆపొద్దు.

హిమోగ్లోబిన్ దగ్గర మాత్రం ఆలస్యం చేయకండి. గర్భం లేని ఆడవాళ్ళకి 12 కింద ఉంటే రక్తహీనత, 11 కింద ఉంటే అది మధ్యస్థ స్థాయి, మీరు 10.2 దగ్గర ఉన్నారు. ఒక స్పూను నువ్వుల్లో ఐరన్ 1.3 మిల్లీగ్రాములు, స్పూను గుమ్మడిలో ఒకటి కూడా లేదు, మన దేశంలో ఆడవాళ్ళకి రోజుకి చెప్పింది 29 మిల్లీగ్రాములు, పైగా గింజల్లో ఐరన్ తక్కువగానే ఒంటికి పడుతుంది, నిమ్మకాయ పిండుకుంటే కొంచెం మెరుగు. గింజలు ఎంత పెంచినా ఈ లోటు పూడదు, రెండు నెలలు మీరు చేసి చూశారు కూడా. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష, బి12 పరీక్ష చేయించుకుని, నెలసరిలో ఎక్కువ రక్తం పోతుంటే అది కూడా దాచకుండా డాక్టరుకి చెప్పండి. ఐరన్ టాబ్లెట్ రాస్తే దాన్ని టీ, కాఫీ, పాలు, ఈ గింజలు వీటన్నిటికీ రెండు గంటలు దూరంగా వేసుకోండి.